ఒకే నెలలో మూడు ప్రొడక్షన్ ఇన్సిడెంట్లు: చేంజ్ ఫ్రీజ్ అడిగే మెయిల్‌లో ఏముండాలి

నెలలో మూడోసారి ప్రొడక్షన్ పడిపోయాక, ఆ రాత్రే టీమ్ నుంచి మేనేజ్‌మెంట్‌కు ఒక మెయిల్ వెళ్తుంది: "పరిస్థితి కుదుటపడేదాకా రెండు వారాలు మార్పులన్నీ ఆపేద్దాం." ఇలాంటి మెయిల్‌కు రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి, "రిలీజ్ తేదీలు క్లయింట్లకు చెప్పేశాం, కుదరదు." రెండోది, "సరే, ఆపేయండి." చూడ్డానికి రెండోది గెలుపులా ఉంటుంది గానీ, అడిగినదాంట్లోనే స్పష్టత లేనప్పుడు దానితో వచ్చే తిప్పలు మొదటిదానికంటే ఎక్కువ. ఏం ఆపాలో, ఎందుకు ఆపాలో, ఆ రోజుల్లో ఏం చేస్తారో చెప్పని ఫ్రీజ్ ముగిసిన మర్నాడే నాలుగో ఇన్సిడెంట్ రావచ్చు.

మార్పులు ఆపితే ఇన్సిడెంట్లు తగ్గుతాయన్న ఆలోచనకు ఆధారం లేకపోలేదు. లైవ్ సిస్టమ్‌లో వచ్చే అంతరాయాల్లో దాదాపు 70 శాతం ఏదో ఒక మార్పు వల్లే వస్తున్నాయని గూగుల్ ఎస్ఆర్ఈ బృందం తమ అనుభవంగా 2016లో రాసింది. కానీ మెయిల్ చదివే అధికారికి ఆ 70 శాతంతో పని లేదు. మన దగ్గర ఏ మార్పులు కొంప ముంచుతున్నాయో ఆయనకు కావాలి. అది తేల్చాలంటే ముందు మూడు ఇన్సిడెంట్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి పేమెంట్స్ సంస్థ. వెనక PostgreSQL డేటాబేస్, ముందు కుబర్నెటీస్ మీద నడిచే సర్వీసులు. ఏప్రిల్ నెలలో మూడుసార్లు పేమెంట్లు ఆగాయి.

మూడు ఇన్సిడెంట్లు, పక్కపక్కన

ఏప్రిల్ 7, మంగళవారం మధ్యాహ్నం. మర్చెంట్ రిపోర్టు నెమ్మదిగా వస్తోందని `payments` టేబుల్ మీద కొత్త ఇండెక్స్ వేశారు. స్టేజింగ్‌లో ఆ టేబుల్‌లో ఉన్నవి రెండు లక్షల వరుసలు కాబట్టి అక్కడ క్షణంలో అయిపోయింది. ప్రొడక్షన్‌లో ఉన్నవి ఆరు కోట్లు. మామూలు `CREATE INDEX` నడుస్తున్నంతసేపూ ఆ టేబుల్‌లో చదవడం కుదురుతుంది, రాయడం కుదరదు. హెల్త్ చెక్ చదివి మాత్రమే చూస్తుంది కనుక అది పచ్చగానే ఉంది, పేమెంట్లు మాత్రం వేలాడుతున్నాయి. తప్పు అప్లికేషన్‌లో ఉందనుకుని పాడ్లను రెండుసార్లు రీస్టార్ట్ చేశారు. అవి లేచి మళ్లీ అదే లాక్ ముందు వరుసలో నిలబడ్డాయి. చివరికి ఎవరో `pg_stat_activity` చూసి ఆ కమాండ్‌ను ఆపేసరికి 34 నిమిషాలు గడిచాయి. చేయాల్సింది ఇది:

```sql
CREATE INDEX CONCURRENTLY idx_pay_merchant
  ON payments (merchant_id, created_at);
```

ఇలా వేస్తే రాతలు ఆగవు. కాకపోతే ఎక్కువ సమయం పడుతుంది, ట్రాన్సాక్షన్ బ్లాక్ లోపల నడవదు, మధ్యలో విఫలమైతే పనికిరాని ఇండెక్స్ ఒకటి టేబుల్‌కు అంటుకుని ఉండిపోతుంది. చాలా మైగ్రేషన్ టూల్స్ ప్రతి మైగ్రేషన్‌నూ తమంతట తామే ట్రాన్సాక్షన్‌లో పెడతాయి. సరైన కమాండ్ తెలిసినవాళ్లు కూడా ఎర్రర్ చూసి మామూలు కమాండ్‌కు దిగిపోయేది అందుకే.

ఏప్రిల్ 16, గురువారం. మధ్యాహ్నం ఒక సర్వీసు కనెక్షన్ పూల్‌ను 10 నుంచి 30కి పెంచారు. అప్పుడు నడుస్తున్నవి 8 పాడ్లు, అంటే 240 కనెక్షన్లు. డేటాబేస్ `max_connections` 300. గంటసేపు గమనించి, అంతా బాగుందని టికెట్ మూసేశారు. సాయంత్రం రద్దీకి ఆటోస్కేలింగ్ పాడ్ల సంఖ్యను 12కి పెంచింది. 12 ముప్పైలు 360. ఆ సర్వీసు వాడే హికారీ పూల్ లైబ్రరీలో వేరుగా చెప్పకపోతే కనీస కనెక్షన్ల సంఖ్య గరిష్ఠ సంఖ్యకు సమానం కాబట్టి, ప్రతి కొత్త పాడ్ లేస్తూనే తన 30నీ నింపుకోవాలని చూస్తుంది. లాగ్‌ల నిండా ఒకటే మాట: `FATAL: sorry, too many clients already`. 26 నిమిషాలు. మార్పుకూ ఇన్సిడెంట్‌కూ మధ్య కొన్ని గంటలు గడిచాయి కనుక, మొదట అందరూ అనుమానించింది రద్దీని.

ఏప్రిల్ 27, సోమవారం. కొత్త రిలీజ్‌లో ఒక కాలమ్ పేరు మార్చారు. మైగ్రేషన్ ముందు నడిచింది, పాడ్లు ఒక్కొక్కటిగా మారాయి. ఆ కొద్ది నిమిషాల్లో పాత పాడ్ల నుంచి వచ్చిన ఎర్రర్లను రిలీజ్ అప్పుడు మామూలేనని వదిలేశారు. పావుగంట తర్వాత బయటపడింది, కొత్త కోడ్‌లో దీంతో సంబంధం లేని వేరే తప్పు ఉందని. రోల్‌బ్యాక్ చేశారు. పాత కోడ్ పాత కాలమ్ పేరు కోసం వెతికి కూలిపోయింది. ఇక వెనక్కి వెళ్లే దారి లేక, ముందుకే వెళ్లి కొత్త కోడ్‌లోని తప్పును సరిదిద్ది, రివ్యూ చేసి, బిల్డ్ చేసి ఎక్కించారు. 71 నిమిషాలు.

మొత్తం 131 నిమిషాలు. మర్చెంట్లకు మాటిచ్చింది 99.9 శాతం లభ్యత అయితే 30 రోజుల నెలలో పోగొట్టుకోగలిగింది 43.2 నిమిషాలే. అంటే మూడు నెలలకు సరిపడే ఖాతా ఒకే నెలలో ఖర్చయింది, నెల లభ్యత 99.7కి పడింది. మెయిల్‌లో ఈ లెక్క తప్పక ఉండాలి. "సిస్టమ్ అస్థిరంగా ఉంది" అనే మాటతో ఎవరైనా వాదించవచ్చు. 131కీ 43కీ ఉన్న తేడాతో ఎవరూ వాదించలేరు.

"మూడు" అనే అంకె బలహీనత

మూడు ఇన్సిడెంట్లు జరిగాయన్నది ఒక్కటే ఫ్రీజ్‌కు తగిన కారణం కాదు. లెక్కలు తెలిసిన మేనేజర్ ఎవరైనా ఇక్కడే పట్టుకుంటారు. మామూలుగా నెలకు సగటున ఒక ఇన్సిడెంట్ వచ్చే సంస్థ అనుకుందాం. ఏ ఇన్సిడెంట్‌కూ మరోదానితో సంబంధం లేకపోయినా, కేవలం కాకతాళీయంగా ఒక నెలలో మూడు లేదా అంతకంటే ఎక్కువ పడే అవకాశం పాయిసాన్ లెక్క ప్రకారం సుమారు 8 శాతం. అంటే ఏడాదికి ఒక నెల అలా ఉండటం వింతేమీ కాదు. ఆ నెల రాగానే అన్నీ ఆపేయడం, తర్వాతి నెల సహజంగానే తగ్గితే ఫ్రీజ్ వల్లే తగ్గిందని నమ్మడం చాలా సంస్థల్లో జరిగేదే.

కాబట్టి వాదన నిలబడాల్సింది అంకె మీద కాదు, మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదాని మీద. పై ఉదాహరణలో అది కనిపిస్తూనే ఉంది. మూడూ డేటాబేస్‌ను తాకిన మార్పులే. మొదటి రెండూ చిన్న డేటా మీద, తక్కువ పాడ్ల మీద బాగానే నడిచి, ప్రొడక్షన్ పరిమాణానికి వచ్చేసరికి విరిగాయి. మూడోదాంట్లో వెనక్కి వచ్చే దారిని ముందుగా ఎవరూ నడిచి చూడలేదు. ఆ నెల మార్పుల జాబితా తీస్తే మొత్తం 52. వాటిలో స్కీమానో కనెక్షన్ సెట్టింగ్‌లనో తాకినవి 11. మూడు వైఫల్యాలూ ఆ 11లోవే. మిగిలిన 41 ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లాయి.

52లో 3 అంటే 6 శాతానికి లోపు, పట్టించుకోనక్కర్లేదనిపించే సంఖ్య. 11లో 3 అంటే నాలుగింట ఒకటికి పైగా. ఇంత చిన్న లెక్కల నుంచి వచ్చిన శాతాన్ని దశాంశాలతో రాసి గొప్పగా చూపించకూడదు. "పదకొండులో మూడు" అని రాస్తే చాలు, అర్థం కావలసినవాళ్లకు అవుతుంది. కానీ ఈ విభజన మెయిల్ స్వరూపాన్నే మార్చేస్తుంది. 52నీ ఆపమని అడగాల్సిన పని లేదు, 11 లాంటివాటిని ఆపితే చాలు. యూఐ మార్పులు, డేటాబేస్ జోలికి పోని సర్వీసుల రిలీజ్‌లు యథావిధిగా నడుస్తాయి. మేనేజ్‌మెంట్ చెల్లించాల్సిన ధర అయిదో వంతుకు దిగింది. ఒప్పుకోవడమూ అంతే సులువవుతుంది.

జాబితా తీసేటప్పుడు ఒక జాగ్రత్త. టికెట్లలో ఉన్న మార్పులే మార్పులు కావు. సపోర్ట్ వాళ్లు చేత్తో నడిపే డేటా సవరణ క్వెరీలు, క్రాన్ జాబ్ సమయాలు, ఫీచర్ ఫ్లాగ్‌లు, క్లౌడ్ కన్సోల్‌లో నేరుగా మార్చిన పారామీటర్లు చాలాచోట్ల ఏ లెక్కలోకీ రావు. డిప్లాయ్‌మెంట్ పైప్‌లైన్ చరిత్రతో పాటు డేటాబేస్ ఆడిట్ లాగ్, క్లౌడ్ ఆడిట్ లాగ్ కూడా చూస్తే తప్ప అసలు సంఖ్య తెలియదు. ఫ్రీజ్ పైప్‌లైన్‌కే పరిమితమైతే మార్పులు ఆగవు, పక్కదారి పడతాయి.

మెయిల్

మన ఆఫీసుల్లో ఈ మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. విషయం అర్థమవడానికి ఇక్కడ తెలుగులో. పంపే రోజు ఏప్రిల్ 28. టూలో నిర్ణయం తీసుకోగల ఒక్కరే, ఉదాహరణకు ఇంజినీరింగ్ హెడ్. సీసీలో ప్రొడక్ట్ హెడ్, సపోర్ట్ మేనేజర్. టూలో ఆరుగురుంటే ఆరుగురూ మిగతా అయిదుగురి జవాబు కోసం చూస్తారు.

> విషయం: అనుమతి కోసం – మే 4 నుంచి 15 వరకు డేటాబేస్ మార్పుల ఫ్రీజ్ (నిర్ణయం ఏప్రిల్ 30 సాయంత్రం 5లోగా కావాలి)
>
> సర్,
>
> మే 4 సోమవారం నుంచి మే 15 శుక్రవారం వరకు, పది పనిదినాలు, పేమెంట్స్ డేటాబేస్‌ను తాకే మార్పులను ఆపడానికి మీ అనుమతి కోరుతున్నాం. మిగతా రిలీజ్‌లు మామూలుగానే కొనసాగుతాయి.
>
> కారణం: ఏప్రిల్ 7, 16, 27 తేదీల్లో పేమెంట్లు మొత్తం 131 నిమిషాలు ఆగాయి. 99.9 శాతం హామీ ప్రకారం నెలకు మనకున్నది 43 నిమిషాలు. నెలలో చేసిన 52 మార్పుల్లో డేటాబేస్‌ను తాకినవి 11. మూడు ఇన్సిడెంట్లూ వాటిలోనివే. మూడింటికీ మూలం ఒకటే: ఈ మార్పులను ప్రొడక్షన్ పరిమాణంలో పరీక్షించే చోటు గానీ, వెనక్కి తీసుకునే దారి గానీ మన దగ్గర లేవు.
>
> ఆపేవి: స్కీమా మైగ్రేషన్లు, ఇండెక్స్‌లు, కనెక్షన్ పూల్ మరియు డేటాబేస్ పారామీటర్లు, చేత్తో నడిపే డేటా సవరణలు.
>
> మినహాయింపులు: సెక్యూరిటీ ప్యాచ్‌లు, నడుస్తున్న ఇన్సిడెంట్‌కు పరిష్కారం, సర్టిఫికెట్ రెన్యువల్, రెగ్యులేటర్ గడువు ఉన్న పని. వీటికి మీరు గానీ, మీరు లేనప్పుడు ప్లాట్‌ఫామ్ మేనేజర్ గానీ అనుమతిస్తారు. అడిగిన గంటలోగా జవాబు.
>
> ఈ పది రోజుల్లో ముగ్గురు ఇంజినీర్లు చేసే పని: (1) ప్రొడక్షన్ పరిమాణంలో, కస్టమర్ వివరాలు మాస్క్ చేసిన స్టేజింగ్ కాపీ, (2) అన్ని సర్వీసుల కనెక్షన్ల లెక్క, ఆటోస్కేలింగ్ గరిష్ఠ స్థాయిలోనూ 240 దాటకుండా పరిమితి, (3) క్యూలో ఉన్న నాలుగు మైగ్రేషన్లను వెనక్కి తీసుకోగలిగేలా తిరగరాయడం, ప్రమాదకరమైన కమాండ్లను పైప్‌లైన్‌లోనే ఆపే తనిఖీ.
>
> దీనివల్ల వెనక్కి వెళ్లేవి: మర్చెంట్ సెటిల్‌మెంట్ రిపోర్టు మే 12 నుంచి 20కి, పాక్షిక రిఫండ్ ఫీచర్ మే 14 నుంచి 22కి. ఈ తేదీల గురించి ప్రొడక్ట్ హెడ్‌తో నిన్న మాట్లాడాం.
>
> ముగింపు: పై మూడు పనులూ పూర్తయి, క్యూలోని ఒక మైగ్రేషన్‌ను కొత్త స్టేజింగ్‌లో ఎక్కించి వెనక్కి తీసి చూపించాక ఫ్రీజ్ ఎత్తేస్తాం. ఏదైనా మిగిలినా మే 15 తర్వాత పొడిగించం. అప్పుడు డేటాబేస్ మార్పులు రోజుకు ఒకటి చొప్పున మాత్రమే వెళ్తాయి.
>
> మే 8న, 15న స్థితి రాసి పంపుతాం.

ఇంతే. ఇన్సిడెంట్ రిపోర్టులు లింకులుగా కింద ఉంటాయి, వాటి కథ మెయిల్‌లోకి రాకూడదు. ఎవరి చేతుల మీదుగా ఆ మార్పు వెళ్లిందో కూడా రాకూడదు. పేరు కనిపించిన మరుక్షణం చర్చ ఫ్రీజ్‌ను వదిలేసి ఆ మనిషి మీదకు మళ్లుతుంది.

బెదిరింపు ధోరణి కూడా పనికిరాదు. పదేపదే అంతరాయాలు వచ్చిన కారణంగా 2020 డిసెంబరులో ఆర్బీఐ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును కొత్త డిజిటల్ ఉత్పత్తుల విడుదల, కొత్త క్రెడిట్ కార్డుల జారీ ఆపమంది. కార్డుల మీద ఆంక్ష 2021 ఆగస్టులో తొలగింది, మిగతాది 2022 మార్చిలో. మనంతట మనం ఆపుకునే పది రోజులకూ రెగ్యులేటర్ ఆపితే పోయే కాలానికీ తేడా పేమెంట్స్ రంగంలో పై స్థాయిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మెయిల్‌లో దాన్ని గుర్తుచేస్తే సహాయం కంటే చిరాకే ఎక్కువ. ఎదురుగా కూర్చున్నప్పుడు అడిగితే చెప్పదగ్గ విషయం అది.

వెనక్కి వెళ్లే తేదీలను మాత్రం దాచకూడదు. ఏమీ పోదన్నట్టు రాసిన మెయిల్‌ను నమ్మరు. నష్టం ముందే రాసి, ప్రొడక్ట్ వైపు వాళ్లతో ముందే మాట్లాడి ఉంటే, అభ్యంతరం చెప్పాల్సిన మనిషి సీసీలో నిశ్శబ్దంగా ఉంటారు. అనుమతి రావడానికి అందులోని అంకెల కంటే ఈ పదిహేను నిమిషాల సంభాషణే ఎక్కువ పనిచేస్తుందంటే అతిశయోక్తి కాదు.

పది రోజులే ఎందుకు

గడువు పని నుంచి రావాలి, భయం నుంచి కాదు. మాస్క్ చేసిన కాపీకి మూడు రోజులు, కనెక్షన్ల లెక్కకు రెండు, మైగ్రేషన్లు తిరగరాసి తనిఖీ పెట్టడానికి నాలుగు, రిహార్సల్‌కు ఒకటి. ముగ్గురూ ఈ పనులను పంచుకుంటే ఆలోపే అయిపోవాలి, కానీ మాస్కింగ్ ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువే తింటుంది. నెలకు 11 డేటాబేస్ మార్పులు వచ్చే చోట పది రోజుల్లో అయిదారు క్యూలో చేరతాయి. వాటిని తర్వాత ఒక్కొక్కటిగా వదలవచ్చు. ఆరు వారాలు ఆపితే పదిహేను పైన చేరతాయి, అవన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడటం మొదలవుతుంది, ఎత్తేసిన రోజు అందరూ ఒకేసారి తోసుకొస్తారు. ఫ్రీజ్ తర్వాతి సోమవారం చాలాచోట్ల ఫ్రీజ్ ముందు రోజులకంటే ప్రమాదకరంగా ఉండేది ఇందుకే.

ముగింపు షరతుగా "రెండు వారాలు ఇన్సిడెంట్ లేకుండా ఉండాలి" అని రాయడం సహజంగా తోస్తుంది. అది తప్పు కొలత. నెలకు సగటున ఒకటి వచ్చే చోట, ఏమీ చేయకపోయినా సగం నెల ప్రశాంతంగా గడిచే అవకాశం 61 శాతం. పైగా మార్పులు ఆపాక ఇన్సిడెంట్లు రాకపోతే దాంట్లో రుజువైందేమిటి? తిరగబడే అవకాశం కూడా ఉంది. ఏప్రిల్ 16 నాటి పూల్ మార్పులా, ముందే చేసిన ఒక మార్పు రద్దీ కోసం కాచుకుని ఉండి, ఫ్రీజ్ మూడో రోజున పేలవచ్చు. అప్పుడు "ఆపినా ఆగలేదు కదా" అని ఫ్రీజ్‌నే తప్పుపడతారు. అందుకే షరతు పని పూర్తవడం మీద, కళ్లముందు చేసి చూపించడం మీద ఉండాలి.

మూడో పని గురించి కొంచెం వివరం అవసరం, ఎందుకంటే 71 నిమిషాల ఇన్సిడెంట్‌కు మందు అక్కడే ఉంది. కాలమ్ పేరును ఒక్క దెబ్బలో మార్చకూడదు. మొదటి రిలీజ్‌లో కొత్త కాలమ్ చేర్చి, కోడ్ రెండింట్లోనూ రాసేలా, పాతదాంట్లోంచే చదివేలా ఉంచాలి. తర్వాత పాత వరుసల విలువలను కొన్ని వేల చొప్పున విడతలుగా నింపాలి. రెండో రిలీజ్‌లో చదవడం కొత్తదానికి మార్చాలి, రాయడం మాత్రం రెండింట్లోనూ కొనసాగాలి. కొన్ని రోజులు గడిచి, వెనక్కి వెళ్లే అవసరం లేదని తేలాక మూడో రిలీజ్‌లో కోడ్ పాత కాలమ్‌ను పూర్తిగా వదిలేయాలి. ఆ రిలీజ్ స్థిరపడ్డాకే విడి మైగ్రేషన్‌గా కాలమ్‌ను తొలగించాలి. ఒక్క పనికి ఇన్ని అడుగులా అనిపిస్తుంది. కానీ తొలగింపుకు ముందు ఏ అడుగు నుంచైనా దాని వెనకటి అడుగుకు నిమిషాల్లో దిగవచ్చు. రోల్‌బ్యాక్ ఉందని చెప్పగలిగేది అప్పుడే.

మొదటి ఇన్సిడెంట్‌కు పైప్‌లైన్ తనిఖీ చాలు. మైగ్రేషన్ ఫైల్‌లో `CREATE INDEX` ఉండి పక్కన `CONCURRENTLY` లేకపోతే బిల్డ్ ఆగాలి. `DROP COLUMN`, `RENAME COLUMN` కనిపిస్తే రెండో మనిషి సంతకం అడగాలి. నడిచాక సగంలో మిగిలిన ఇండెక్స్‌లు ఉన్నాయేమో ఒక్క క్వెరీ చెబుతుంది:

```sql
SELECT indexrelid::regclass
FROM pg_index WHERE NOT indisvalid;
```

అన్నీ ఆపితే ఏమవుతుంది

మెయిల్ చదివి మేనేజ్‌మెంట్ ఒక్కోసారి అడిగినదానికంటే ఎక్కువ ఇస్తుంది: "డేటాబేస్ ఒక్కటే ఎందుకు, అన్నీ ఆపండి." భయపడ్డ మేనేజ్‌మెంట్‌ది సహజమైన స్పందనే, కానీ వద్దనాలి, కారణాలు సిద్ధంగా ఉంచుకోవాలి.

రోజూ డిప్లాయ్ అయ్యే సర్వీసు రోజూ రీస్టార్ట్ అవుతుంది. దాంట్లో చిన్న మెమరీ లీక్ ఉన్నా ఎవరికీ తెలియదు, మర్నాడు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కనుక. రెండు వారాలు ఎవరూ ముట్టుకోకపోతే ఎనిమిదో రోజో పదో రోజో పాడ్లు మెమరీ పరిమితి దాటి చచ్చిపోవడం మొదలవుతుంది, అన్నీ ఒకేసారి మొదలైనవి కాబట్టి దాదాపు ఒకే సమయంలో. సర్టిఫికెట్లదీ ఇదే కథ. ఫైల్ ఆటోమేటిక్‌గా రెన్యూ అవుతుంది, కానీ సర్వీసు దాన్ని మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదివితే పాతదే పట్టుకుని ఉంటుంది. మొత్తం ఫ్రీజ్ పెట్టక తప్పకపోతే మెమరీ గ్రాఫ్ వాలును రోజూ చూడాలి, అదే వెర్షన్‌తో వారానికి ఒకసారి వరుస రీస్టార్ట్ చేయాలి, ఆ కాలంలో గడువు తీరే సర్టిఫికెట్ల జాబితా ముందే తీయాలి.

రెండో ప్రమాదం, తాత్కాలికంగా పెట్టిన అనుమతి వ్యవస్థ శాశ్వతమైపోవడం. ఫ్రీజ్ ముగిశాక "ఇకమీదట ప్రతి మార్పుకూ కమిటీ సంతకం" అనే మాట తప్పకుండా వస్తుంది. టీమ్ బయటి వ్యక్తుల లాంఛనప్రాయమైన అనుమతుల వల్ల వైఫల్యాలు తగ్గుతాయనడానికి ఆధారం దొరకలేదని, అలాంటి బరువైన ప్రక్రియలున్న చోట వేగం మాత్రం పడిపోతోందని సాఫ్ట్‌వేర్ డెలివరీ పనితీరును అధ్యయనం చేసే డోరా పరిశోధన 2019 నివేదిక చెప్పింది. ఏప్రిల్ 7 నాటి ఇండెక్స్ కమిటీ ముందుకు వెళ్లి ఉంటే, ఒక్క పదం లేదన్న సంగతి అక్కడ ఎవరు పట్టుకునేవారు?

మినహాయింపుల విషయంలో జరిగేది ఇంకా మామూలు వ్యవహారం. మూడో రోజుకే ప్రతి పనీ అత్యవసరమైపోతుంది. అనుమతించిన ప్రతి మినహాయింపునూ అందరూ చూసే ఒక పేజీలో, అడిగినవారి విభాగం, కారణం, వెనక్కి తీసే పద్ధతితో సహా రాస్తే సగం వాటంతటవే తగ్గిపోతాయి. పది రోజుల్లో మూడు దాటితే, ఆపాల్సిన పరిధిని తప్పుగా గీశామని అనుకోవాలి. మే 8 స్థితి మెయిల్‌లో ఆ సంఖ్య మొదటి వరుసలోనే ఉండాలి.

కాదన్నారనుకుందాం. రెండో ప్రతిపాదన జేబులో ఉండాలి గానీ మొదటి మెయిల్‌లో రాయకూడదు, రాస్తే బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. ఫ్రీజ్ లేకుండా కూడా కుదిరే కనీస ఏర్పాటు ఇది: డేటాబేస్ మార్పులు రోజుకు ఒకటే, ఉదయం 6 నుంచి 8 మధ్య, చేసే మనిషితో పాటు చూసే మనిషి ఒకరు, సాయంత్రపు రద్దీ దాటేదాకా ఆ టికెట్ మూయకూడదు. ముగ్గురు ఇంజినీర్లకు బదులు ఒకరిని ఇస్తే కనెక్షన్ల లెక్క ముందు చేయాలి, రెండు రోజుల పని, పునరావృతమయ్యే అవకాశం ఎక్కువ ఉన్నదీ అదే.

అనుమతి వచ్చి అంతా అనుకున్నట్టు జరిగితే, మే 18 సోమవారం నుంచి క్యూ కదులుతుంది. మొదట వెళ్లాల్సింది అందరూ ఎదురుచూస్తున్న సెటిల్‌మెంట్ రిపోర్టు కాదు. దానికి కావలసిన ఇండెక్స్ ఒక్కటే, కోడ్ లేకుండా. మంగళవారం ఒక సాయంత్రపు రద్దీని అది దాటిందని చూశాక, బుధవారం, మే 20న, రిపోర్టు. పాక్షిక రిఫండ్ మైగ్రేషన్ మొదటి అడుగు గురువారం, ఫీచర్ 22 శుక్రవారం ఫ్లాగ్ వెనక అయిదు శాతం మర్చెంట్లకు. శుక్రవారం పూర్తిగా తెరవమని ఒత్తిడి వస్తుంది. మెయిల్‌లో చెప్పింది 22 అనే తేదీ, అయిదు శాతంతో ఆ మాట నిలబడినట్టే. మిగతాది 25 సోమవారం.